వీడ్కోలా, వీలునామానా?

ప్రశ్న: పాలకొల్లు, నరసాపురం మధ్య ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో 2013 నుంచి పని చేస్తున్నాను. రైతుల కొనుగోలు బిల్లులు చూస్తాను. వచ్చే శనివారంతో మానేస్తున్నాను. భీమవరం వైపు ఇంకో ప్లాంటులో మంచి హోదా, జీతం వచ్చాయి. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నేను కాక 64 మంది ఉన్నారు. వాళ్ళకి వీడ్కోలు సందేశం రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలు అయింది. నేను చేరిన రోజు, అందరి పేర్లు, శాంపిల్ తీసే కుర్రాణ్ణి ఓసారి అన్యాయంగా తిట్టిన సంగతి, 2022 వరదల రాత్రి, పెండింగ్ బిల్లులు, నన్ను కాదని బయటి మనిషిని మేనేజర్ చేసిన బాధ, అన్నీ వచ్చేశాయి. మావారు చదివి "ఇది వీడ్కోలా, వీలునామానా?" అన్నారు. తోటి ఉద్యోగిని ఒకామె "థాంక్స్ ఆల్, మిస్ యూ అని పెట్టేయ్, అంతంత ఎవరు చదువుతారు" అంది. అలా పెడితే ఇన్నేళ్ళూ నీళ్ళలో పోసినట్టు ఉంటుంది నాకు. లోపల ఒలుపు దగ్గర పని చేసే ఆడవాళ్ళు గ్రూపులోనే లేరు, వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాలుగు పేజీలూ జత చేశాను. ఎక్కడ కోయమంటారు?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీవారు వెటకారంగా అన్నా సరిగ్గానే పట్టుకున్నారు. వీలునామాలో పొలం ఒకరికి, ఇల్లు ఒకరికి, నగలు ఒకరికి రాస్తాం. మీ నాలుగు పేజీలూ అలాగే ఉన్నాయి. ఒక్కో పేరా ఒక్కో మనిషి కోసం రాశారు. తర్వాత అన్నిటినీ కలిపి ఒకే సంచిలో వేసి 64 మంది ముందు గుమ్మరించబోతున్నారు. అందుకే పొడవైంది. కాబట్టి ఇప్పుడే కత్తెర పట్టుకుని వాక్యాలు కోయకండి. ముందు ప్రతి పేరా పక్కన "ఇది ఎవరు చదవాలి?" అని రాసుకోండి.

నేను మీ కాగితాల మీద ఎర్ర పెన్నుతో అదే చేశాను. మొదటి పేరా పక్కన ఎవరి పేరూ రాయలేకపోయాను. మీరు చేరిన రోజు కథ పక్కన "మీవారు, పిల్లలు" అని రాశాను. పేర్ల జాబితా పక్కన ఐదారుగురే తేలారు. తిట్టిన సంగతి ఆ కుర్రాడొక్కడికే. బిల్లుల వివరాలు మీ కుర్చీలో కూర్చోబోయే మనిషికి. మేనేజర్ పదవి సంగతి యజమానికి. వరదల రాత్రి, మీ ఫోన్ నంబరు, ఈ రెండే 64 మందికీ చెందేవి. అంటే నాలుగు పేజీల్లో గ్రూపులో పెట్టాల్సింది పది పన్నెండు వరుసలు. మిగతాదేదీ పారేయక్కర్లేదు, దేని దారిన దాన్ని పంపితే చాలు.

మొదటి పేరా ఎందుకు ఎవరికీ చెందదో చెబుతాను. మీరు ఇలా మొదలెట్టారు: "ఎంతో బరువెక్కిన హృదయంతో, కన్నీటి పర్యంతమవుతూ, నా సుదీర్ఘ ఉద్యోగ ప్రస్థానానికి స్వస్తి పలుకుతూ, మీ అందరి ఆప్యాయతానురాగాలకు శిరస్సు వంచి నమస్కరిస్తూ..." ఇంకా రెండు వరుసలు నడిచాక గానీ మీరు మానేస్తున్నారన్న వార్త రాలేదు. ఈ మాటలు మీవి కావమ్మా. రిటైర్మెంట్ సభల్లో కట్టే ఫ్లెక్సీల మీదవి. మిగతా పేజీల్లో మీరు చక్కగా మాట్లాడుతున్నారు. "కాటా దగ్గర నుంచుంటే కాళ్ళు నీళ్ళు కారేవి" అని ఒకచోట రాశారు, అది మీ మాట. తేడా తెలియాలంటే రాసినదాన్ని పైకి చదవండి. చదువుతూ, మీతో రోజూ కలిసి క్యారేజీ విప్పే మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకోండి. "ప్రస్థానానికి స్వస్తి పలుకుతూ" అని ఆమె మొహం చూసి అనగలరా? నవ్వు వస్తుంది. నవ్వు వచ్చిన చోటల్లా కొట్టేసి, ఆమెతో ఎలా అంటారో అలా రాయండి. "ఈ శనివారం నాకు ఇక్కడ ఆఖరి రోజు." అంతే.

ఇంకో చిన్న కారణం కూడా ఉంది. వాట్సాప్‌లో సందేశం మరీ పొడవైతే మొదటి భాగమే కనబడి, కింద Read more అని వస్తుంది. మీ సందేశంలో ఆ గీతకి పైన కనబడేది మొత్తం బరువెక్కిన హృదయమే. వార్త కింద దాక్కుంటుంది. గ్రూపులో సగం మంది అది నొక్కకుండా రెండు చేతుల దండం బొమ్మ పెట్టి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పు కాదది.

ఇక పేర్లు. మీరు 34 మంది పేర్లు రాశారు, ప్రతి పేరుకీ ఒక విశేషణం తగిలించారు. గ్రూపులో ఉన్నది 64 మంది. మిగతా 30 మంది మీ సందేశాన్ని ఎలా చదువుతారో ఊహించండి. మొదట తమ పేరు కోసం వెతుకుతారు. లేకపోతే అక్కడితో ఆపేస్తారు. ఉన్నవాళ్ళేమో ఎవరి తర్వాత ఎవరున్నారో చూసుకుంటారు. క్వాలిటీ ఆయన కంటే స్టోర్స్ ఆయన పేరు ముందు ఎందుకు వచ్చిందని మీరు వెళ్ళిపోయాక వారం రోజులు టీ దగ్గర చర్చ నడుస్తుంది. మన దగ్గర పెళ్ళి పిలుపుల్లోనే ఇది తెగని తగువు కదా.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. అందరి పేర్లూ రాయొచ్చు. అది హాజరుపట్టీ అవుతుంది, ఒక్కరు తప్పినా జీవితాంతం చెప్పుకుంటారు. అసలెవరి పేరూ రాయకపోవచ్చు. అప్పుడు గొడవ ఉండదు కానీ, మీకు నిజంగా మేలు చేసిన ఐదారుగురికి ఏదో లోటు మిగులుతుంది. మూడోది నాకు నచ్చినది. గ్రూపులో పేర్లు లేకుండా పెట్టి, ఆ ఐదారుగురికీ విడివిడిగా రెండేసి వాక్యాలు పంపండి. ఆ రెండు వాక్యాల్లో పొగడ్త వద్దు, జరిగిన ఒక్క సంగతి ఉండాలి. మీ రెండో పేజీలో అకౌంట్స్ పెద్దాయన గురించి "నాకు తండ్రితో సమానులు, మహోన్నత వ్యక్తిత్వం గలవారు" అని రాశారు. దాని కిందే, మీ అమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు ఆయన మీ బిల్లులు కూడా తానే రాసి, రిజిస్టర్లో మీ ఇనీషియల్ చోటు ఖాళీగా ఉంచారని చిన్నగా రాశారు. మొదటిది తీసేసి రెండోది ఆయనకి పంపండి. "బాబాయిగారూ, ఆ వారం మీరు ఖాళీ ఉంచిన గడులు నాకు ఇంకా గుర్తున్నాయి" అంటే ఆయనకి చాలు.

వీటిని బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి పంపుదామనుకోకండి. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకోని వాళ్ళకి అది చేరదు. పైగా ఆరుగురికీ ఒకే మాట వెళ్తే, వాళ్ళు ఒకరికొకరు చూపించుకున్నప్పుడు మీరు దొరికిపోతారు.

శాంపిల్ కుర్రాడి సంగతి మీరు ముప్పావు పేజీ రాశారు. మనసులో ఎంత గుచ్చుకుందో తెలుస్తోంది. రొయ్యల సంగతి తెలియని పాఠకుల కోసం ఒక్కమాట: కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 50 కౌంట్ అంటే రొయ్య సుమారు 20 గ్రాములు, 100 కౌంట్ అంటే 10 గ్రాములు. కౌంట్ పెరిగే కొద్దీ రేటు తగ్గుతుంది. ఒక చెరువు సరుకుని ఆ అబ్బాయి 60 అని రాస్తే, రైతు 50 అని గొడవ పడ్డాడు. మీరు రైతు పక్షం వహించి అందరి ముందూ అబ్బాయిని కడిగేశారు. తర్వాత మళ్ళీ తూచితే అతని లెక్కే నిజమైంది. చెరువులో సైజు కలగలుపుగా ఉంది, పైన కనబడ్డ పెద్ద రొయ్యలు చూసి రైతు 50 అనుకున్నాడు.

ఇది గ్రూపులో పెడితే మీ మనసు తేలికవుతుంది, నిజమే. అతనికి ఏమవుతుంది? ఆ రోజు అక్కడ ఉన్నది పది మంది, అందులో సగం మందికి ఇప్పుడు గుర్తు కూడా ఉండదు. మీరు రాస్తే 64 మందికీ తెలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి అతను "ఆ తిట్లు తిన్న కుర్రాడు" అవుతాడు. ఇన్నేళ్ళ తర్వాత అతను గ్రూపులో "పర్వాలేదు మేడం" అని రాయక తప్పని పరిస్థితి కూడా మీరే తెచ్చినట్టవుతుంది. తిట్టింది నలుగురిలో కాబట్టి క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలన్న వాదన ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. ఆ వారంలోనే చెప్పి ఉంటే అలాగే చెప్పమనేదాన్ని. ఇప్పుడు మాత్రం అతను కాటా దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి చెప్పండి. "ఆ రోజు నీ లెక్కే కరెక్టు, నేనే తొందరపడ్డాను." మూడు నిమిషాల పని. నాలుగు పేజీల్లో మీకు అన్నిటికంటే కష్టమైనది ఇదే కాబట్టి శనివారం దాకా ఆగకండి, సోమవారమే కానివ్వండి.

దీనికి చెల్లెలు లాంటి వాక్యం ఇంకోటి ఉంది. "తెలిసీ తెలియక ఎవరినైనా నొప్పించి ఉంటే పెద్ద మనసుతో క్షమించగలరు." మన వీడ్కోళ్ళలో ఇది ఆచారంగా వస్తుంది. ఉంటే నష్టం లేదు. కానీ నిజంగా క్షమాపణ చెప్పాల్సిన మనిషికి విడిగా చెప్పేశాక దాంతో పని ఉండదు. చెప్పకపోతే ఆ వాక్యం అతనికి ఇంకా మంట పెడుతుంది. అందుకే నేను తీసేశాను. మీకు అది లేకపోతే తోచదనుకుంటే ఉంచుకోండి, "పెద్ద మనసుతో" మాత్రం వద్దు.

మూడో పేజీలో సగం బిల్లుల వివరాలు. ఏ రైతుకి ఎంత బాకీ, ఏ ఏజెంటుకి అడ్వాన్స్ ఎంత వెళ్ళింది, ఏ లోడులో మెత్తవాటికి కోత వేశారు... ఇవి గ్రూపులో పెడితే ఒక రైతు రేటు ఇంకో ఏజెంటుకి చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు. దీన్ని విడిగా ఒక కాగితం చేయండి. పట్టుబడి తేదీ, చెరువు, ఏజెంటు, తూకం, కౌంట్, ఒప్పుకున్న రేటు, ఇచ్చిన అడ్వాన్స్, మిగిలిన బాకీ, ఇలా గడులు గీసి రెండు కాపీలు తీయండి. మీ చోట కూర్చునే మనిషితో, పైఅధికారితో సంతకం పెట్టించి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత ఏ లెక్కలోనో తేడా వస్తే, మానేసిన మనిషి మీదకు తోసేయడం అన్నిటికంటే తేలిక. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ కాగితమే.

మేనేజర్ పదవి గురించి మీరు రాసింది రెండు వాక్యాలే, కానీ మొత్తం నాలుగు పేజీలకీ నీళ్ళు అక్కడి నుంచే పారుతున్నాయి. "కష్టానికి విలువ లేని చోట మనసు చంపుకుని ఉండలేక, విలువ తెలిసిన చోటికి వెళ్తున్నాను." వాక్యం బాగుంది, దెబ్బ సరిగ్గా తగులుతుంది. చిక్కు కూడా అదే. మీ మాట నిజం కాదని నేను అనడం లేదు.

నా సంగతి చెబుతాను. ఇదే డెల్టాలో ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది విభాగంలో పని చేసి మానేసినప్పుడు నేనూ ఇలాంటి వాక్యమే నోటీసు బోర్డుకి అంటించే కాగితంలో రాశాను. నాకూ అప్పుడు చాలా అందంగా అనిపించింది. కొత్త ఉద్యోగంలో చేరిన మూడో రోజున అక్కడి పెద్ద ఒకాయన నన్ను పిలిచి, ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పి, "మా దగ్గర విలువ సరిపోతుందాండి?" అన్నారు నవ్వుతూ. వాట్సాప్ లేని రోజుల్లోనే అది నాకంటే ముందు 30 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. మీ రంగంలో అవే ఐస్ లారీలు, అవే ఏజెంట్లు, అవే రైతులు. మీరు భీమవరంలో కుర్చీలో కూర్చునేలోపు స్క్రీన్‌షాట్ అక్కడ కూర్చుని ఉంటుంది.

అయినా మింగేసి ఊరుకోమని చెప్పను. ఆఖరి వారంలో యజమానినో, హెచ్ఆర్ వాళ్ళనో పది నిమిషాలు అడిగి తీసుకుని నోటితో చెప్పండి. విలువ, మనసు లాంటి మాటలు లేకుండా జరిగింది చెప్పండి. ఏ నెలలో ఖాళీ వచ్చింది, మీకు ఏం మాట ఇచ్చారు, తర్వాత ఏం చేశారు. వాళ్ళు మారతారని హామీ లేదు. మీ తర్వాత ఆ కుర్చీ కోసం ఎదురుచూసే అమ్మాయికి ఉపయోగపడొచ్చు, పడకపోవచ్చు. ఆఖరి జీతం, గ్రాట్యుటీ లాంటి లెక్కలు ఇంకా తేలకపోతే అవి చేతికొచ్చాక చెప్పడం కూడా తప్పు కాదు, అది పిరికితనమేం కాదు. ఇవేవీ వద్దు, గ్రూపులోనే పెడతాననుకుంటే మీ ఇష్టం. కానీ అప్పుడు అది వీడ్కోలుగా మిగలదు. అందరూ ఆ ఒక్క వాక్యమే చదువుతారు, వరదల రాత్రి గురించి మీరు రాసింది ఎవరి కంటికీ ఆనదు.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరకు వద్దాం. అసలు సరుకు అక్కడే ఉంది, మీరు దాన్ని మూడో పేజీ అడుగున నాలుగు వరుసల్లో పెట్టి వదిలేశారు. మిగతావన్నీ తీసేశాక మీ పేజీల్లో మిగిలినదాన్ని కుదించి వరుసగా పేర్చితే ఇలా వచ్చింది:

"అందరికీ నమస్కారం. ఈ శనివారంతో నేను ఈ ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను. 2013లో చేరినప్పుడు నాకు కౌంట్ అంటే ఏమిటో కూడా తెలియదు. మీ అందరి సహాయ సహకారాలతో ఎన్నో విషయాలు నేర్చుకున్నాను. 2022 జులైలో గోదావరికి వరదలు వచ్చి లంక గ్రామాల నుంచి మనవాళ్ళు రాలేకపోయినప్పుడు సిబ్బంది అందరం కలిసికట్టుగా రాత్రంతా శ్రమించి సరుకును కాపాడుకున్న సంఘటన నా జీవితంలో మరువలేనిది. మీ ప్రేమాభిమానాలు ఎల్లప్పుడూ నాతో ఉంటాయి. అందరూ ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటూ సెలవు."

పొట్టిదైంది. కానీ ఇంకా చప్పగానే ఉంది, చూశారా? పొట్టిగా చేసినంత మాత్రాన మనసు తగలదు. "సహాయ సహకారాలు", "కలిసికట్టుగా", "మరువలేనిది", ఇవన్నీ ఎవరైనా ఎక్కడైనా రాయగలిగే మాటలు. ఆ వాక్యంలో రొయ్యల బదులు బియ్యం మిల్లు పెట్టినా నడుస్తుంది. మీ నాలుగు వరుసల్లో ఉన్న సంగతులు ఇందులోకి రానే లేదు. కాజ్‌వే మునిగినా నలుగురు ఆడవాళ్ళు పడవెక్కి వచ్చారని రాశారు. వాళ్ళు ఆఫీసు వాళ్ళందరికీ బూట్లు, టోపీలు తొడిగించి బల్లల ముందు నిలబెట్టారని రాశారు. క్యాషియర్ గారు తల అనుకుని తోకలు తుంచేశారని, మీ వేళ్ళకి రొయ్య కొమ్ములు గుచ్చుకున్నాయని, తెల్లారేసరికి ఒక్క కేజీ కూడా పాడవలేదని రాశారు. ఇవి మీ ప్లాంటులో తప్ప ఇంకెక్కడా జరగలేదు. "మరువలేనిది" అనక్కర్లేదు, చెబితే వాళ్ళే గుర్తు చేసుకుంటారు.

ఆ నలుగురు ఆడవాళ్ళని సందేశం మధ్యలోకి తేవడం వల్ల ఇంకో మేలుంది. వాళ్ళు గ్రూపులో లేకపోయినా వాళ్ళ పని గ్రూపులో ఉంటుంది. క్యాషియర్ గారి తోకల సంగతి నవ్వు తెప్పిస్తుంది కానీ ఆయన్ని ముందుగా అడగండి. ఆయన సరదా మనిషైతే పెట్టండి. కొంచెం బిగువుగా ఉండే మనిషైతే మీ వేళ్ళు చాలు. నేను మీ వేళ్ళతోనే రాశాను:

"అందరికీ నమస్కారమండి. ఈ శనివారం నాకు ఇక్కడ ఆఖరి రోజు. చేరిన కొత్తలో కౌంట్ అంటే ఏమిటో తెలియదు నాకు, మీరే నేర్పారు. ఇన్నేళ్ళలో నాకు బాగా గుర్తుండేది వరదల రాత్రి. పడవెక్కి వచ్చిన నలుగురు అక్కలు మన ఆఫీసు వాళ్ళందరినీ బల్లల ముందు నిలబెట్టి తల ఎలా తీయాలో చూపించారు. తెల్లారేసరికి నా వేళ్ళన్నీ గుచ్చుకుపోయాయి, సరుకు మాత్రం ఒక్క కేజీ పాడవలేదు. నా సొంత నంబరు కింద పెట్టాను, ఎప్పుడైనా చేయండి. వెళ్ళొస్తానండి."

"సెలవు" తీసి "వెళ్ళొస్తానండి" పెట్టాను. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు వెనక్కి పిలిచి "వెళ్ళొస్తా" అనిపిస్తారు కదా. సంవత్సరం రాయలేదు, వరదల రాత్రి అంటే ఏ రాత్రో మీవాళ్ళకి తెలుసు. ఇందులో ఒక్క మాట కూడా నచ్చకపోతే మార్చేయండి, ఇది మీ నోటికి కుదరాలి. మార్చేటప్పుడు పొడవు మళ్ళీ పెరుగుతుంటే, కొత్తగా చేర్చిన వాక్యం ఎవరి కోసమో మార్జిన్‌లో రాసి చూడండి.

నంబరు సంగతి చిన్నదే గానీ చాలామంది బోల్తా పడేది అక్కడే. మీరు రైతులతో మాట్లాడే సిమ్ కంపెనీ ఇచ్చినదైతే దాన్ని శనివారం ఇచ్చేయాలి. గ్రూపులో మీరున్నది కూడా ఆ నంబరుతోనే అయితే, "ఈ నంబరుకి చేయండి" అని రాస్తే సోమవారం నుంచి మీకు రావాల్సిన పలకరింపులన్నీ మీ తర్వాత వచ్చిన మనిషికి వెళ్తాయి. సొంత నంబరుని అంకెలతో సహా రాయండి.

ఎక్కడికి వెళ్తున్నారో రాయలేదు నేను. కావాలనే వదిలేశాను. కొత్త ప్లాంటు పేరు పెడితే, ఇన్నేళ్ళు రైతుల బిల్లులు చూసిన మనిషి పేరూ నంబరూ ఇచ్చి రైతుల్ని అటు పిలుస్తోందని మీ యజమానికి అనుమానం రావచ్చు. అసలేమీ చెప్పకపోతే పుకార్లు పుడతాయి, గొడవ పడి మానేసిందంటారు. ఎవరైనా అడిగితే "భీమవరం వైపండి" అని నోటితో చెప్పండి. దాచినట్టూ ఉండదు, చాటినట్టూ ఉండదు.

మీ స్నేహితురాలి సలహా గురించి కూడా ఒకమాట. "థాంక్స్ ఆల్" పెడితే ఎవరికీ నష్టం లేదు. ఆ మేనేజర్ వాక్యంతో నాలుగు పేజీలు పెట్టడం కంటే నూరు రెట్లు నయం. కాకపోతే జవాబుగా 40 బొటనవేళ్ళు వస్తాయి, అంతకు మించి రావు.

ఇక లోపలి ఆడవాళ్ళు. వాళ్ళకి కాగితం గానీ ఫోన్ గానీ పనికిరాదు. షిఫ్టు నడుస్తున్నప్పుడు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, తినేవి అసలు తేనివ్వరు. మీకు ఇది నాకంటే బాగా తెలుసు. కాబట్టి బల్లల దగ్గరకు మిఠాయి డబ్బాతో వెళ్ళి క్వాలిటీ వాళ్ళతో మాట పడకండి. వాళ్ళు షిఫ్టు దిగి బూట్లు విప్పే గదిలోనో, భోజనాల దగ్గరో నిలబడండి. వీలైతే తాపేశ్వరం కాజాలు తెప్పించండి, జిగురు లేకుండా విడివిడిగా కాగితాల్లో చుట్టినవి, ఇంటికి పిల్లలకి పట్టుకెళ్తారు. చెప్పాల్సింది మూడు ముక్కలే. శనివారంతో మానేస్తున్నానని, ఆ రాత్రి మీరు రాకపోతే మేమేమయ్యేవాళ్ళమోనని, వెళ్ళొస్తానని. ఏడుపొస్తే రానివ్వండి. చాలామంది అప్పటికే బస్సు కోసం తొందరలో ఉంటారు కాబట్టి ఎక్కువసేపు నిలబెట్టకండి.

గ్రూపులో ఎప్పుడు పెట్టాలంటే, శుక్రవారం రాత్రి పదకొండింటికి మాత్రం వద్దు. పొద్దున లేచేసరికి దాని మీద గుడ్ మార్నింగ్ పువ్వులు, ఐస్ లారీ ఎక్కడుందన్న ప్రశ్నలు పడి ఉంటాయి. మీరు ప్లాంటు గేటు దాటాక కూడా వద్దు, మీ దగ్గరకు వచ్చి మాట్లాడదామనుకున్న వాళ్ళకి అవకాశం ఉండదు. శనివారం మధ్యాహ్నం భోజనాలకు కాస్త ముందు పెట్టండి. పంపాక ఏదైనా తప్పు కనబడితే 15 నిమిషాల లోపు ఎడిట్ చేసుకోవచ్చు. ఆ తర్వాత ఇంక ముట్టుకోకండి. ప్రతి దండం బొమ్మకీ విడిగా జవాబు రాయక్కర్లేదు, సాయంత్రం అందరికీ కలిపి ఒక్క మాట చాలు. పెట్టిన వెంటనే గ్రూపులోంచి దిగిపోకండి, కోపంతో వెళ్ళినట్టుంటుంది. రెండు రోజులు ఉండి, అడ్మిన్‌తో ఒకమాట చెప్పి నెమ్మదిగా తప్పుకోండి. ఇప్పుడు అలా దిగితే అడ్మిన్లకు తప్ప మిగతావాళ్ళకి నోటీసు కూడా వెళ్ళదు.

సందేశం పంపి, ఫోన్ సంచిలో పడేసి, కాజాల డబ్బా తీసుకుని బూట్లు విప్పే గదికి వెళ్ళండి. ఒంటిగంట షిఫ్టు దిగే వేళవుతుంది.